మధుమేహం పాఠం: మూడు దొంతరలు

ఎంబీబీఎస్‌లో మధుమేహం పాఠానికి 120 స్లైడ్లు ఉండి, పునశ్చరణకు ఒక్క సాయంత్రమే మిగిలితే, చదవడం కన్నా ముందు విషయాన్ని మూడు దొంతరలుగా వేరుచేయడం జరగాలి. పాత ప్రశ్నపత్రాలు పక్కన పెట్టుకుని శీర్షికలు చూస్తే మొదటి వడపోత అయిపోతుంది.

తెలియకపోతే రోగి ప్రాణం మీదికి వచ్చేది మొదటి దొంతర. కీటోఅసిడోసిస్‌లో ఇన్సులిన్ మొదలుపెట్టే ముందు పొటాషియం చూడాలి. అది అప్పటికే బాగా తక్కువగా ఉంటే ఇన్సులిన్ ఇంకా దించేస్తుంది, గుండె లయ తప్పుతుంది. మాత్రల వర్గాలు, వాటి దుష్ప్రభావాలు రెండో దొంతర. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్న కథ ఎంత గొప్పదైనా మూడోదే.

ఒకే స్లైడ్‌లో మూడూ కలిసి ఉంటాయి కనుక దొంతర గుర్తు పెట్టవలసింది స్లైడ్‌కు కాదు, వాక్యాలకు. సగానికి మించి మొదటి దొంతరలో చేరితే దాన్నే మళ్లీ వడకట్టాలి.