హైలైట్స్‌లో వేగం ఎలా పెరగాలి?

2001లో కోల్‌కతాలో భారత్, ఆస్ట్రేలియా ఆడిన టెస్టు ఐదు రోజులు సాగింది. దాన్ని పది నిమిషాలకు కుదించాలంటే ఫోర్లు, వికెట్లు ఏరి వరసగా అతికిస్తే చాలదు. అన్నీ ఒకే పొడవు ముక్కలైతే పదో ఫోరుకే కన్ను అలసిపోతుంది. వేగం పెరిగినట్టు అనిపించాలంటే ముందు నిదానం ఉండాలి. అందుకే లక్ష్మణ్, ద్రావిడ్ ఒక్క వికెట్టూ పడకుండా ఆడిన నాలుగో రోజును కొంచెం తీరిగ్గానే చూపాలి. బౌలర్ పరుగు, వదిలేసిన బంతి, స్కోరుబోర్డు కలిపి ఒక్కో ముక్క పన్నెండు సెకన్లున్నా ఫరవాలేదు. చివరి రోజు ఆస్ట్రేలియా 166 పరుగులకు మూడు వికెట్ల నుంచి 174కు ఎనిమిదికి పడిపోయింది. అక్కడ రీప్లేలు తీసేసి, బంతి చేతిని వీడే క్షణం నుంచే చూపిస్తే నాలుగైదు సెకన్లు సరిపోతాయి.

మొదటి రోజే హర్భజన్ హ్యాట్రిక్ ఉంది కదా, శిఖరం ముందే వచ్చేస్తే ఎలా అనవచ్చు. దాన్ని చివరికి జరిపితే కథే అబద్ధమవుతుంది. ఉన్నచోటే ఉంచి, వెంటనే భారత్ 171కే కుప్పకూలడం చూపితే ఉత్సాహం దానంతటదే దిగుతుంది. కూర్పు కుదిరిందో లేదో తేల్చుకోవడానికి తెర ఆపేసి శబ్దం మాత్రమే వినండి. మొదటి నుంచీ ఒకే హోరు వినిపిస్తే కత్తెర మళ్లీ పట్టాల్సిందే.