రాత్రి మారే ధర, ఆగని నష్టం

ఒక ఉదాహరణ చూద్దాం. మీరు 1,000 రూపాయల చొప్పున వంద షేర్లు కొన్నారు. ధర 950కి దిగితే అమ్మేయమని మీ ట్రేడింగ్ ప్రోగ్రాంకు చెప్పారు. నష్టం 5,000 దాటదని ధీమా.

మధ్యాహ్నం 3:30కి మార్కెట్ మూసేసరికి ధర 990. రాత్రి కంపెనీ గురించి చెడు వార్త వచ్చింది. మర్నాడు 9:15కి ధర 880 దగ్గర మొదలైంది. 990కీ 880కీ మధ్య ఒక్క లావాదేవీ కూడా జరగలేదు. దీన్నే గ్యాప్ అంటారు. 950 దగ్గర కొనేవాడే లేడు కాబట్టి, స్టాప్ ఆర్డర్ 880కే అమ్మింది. నష్టం 12,000. ఒకవేళ 945కు తక్కువగా అమ్మొద్దని పరిమితి పెట్టి ఉంటే, ధర మళ్లీ 945కు చేరేదాకా అసలు అమ్మకమే జరిగేది కాదు.

ప్రోగ్రాం దీన్ని ముందే పసిగట్టాలి. ఉదయం 9 నుంచి సాగే ప్రీ ఓపెన్ సెషన్‌లో కనిపించే సూచిక ధరను నిన్నటి ముగింపు ధరతో పోల్చాలి. ఇక్కడ తేడా 110, అంటే సుమారు 11 శాతం. అయితే ఒకటికి ఒకటి బోనస్ షేర్ల ఎక్స్ డేట్ రోజున ధర దాదాపు సగమవుతుంది. అది నష్టం కాదు. అందుకే నిన్నటి ధరను ముందుగా సరిచేశాకే పోల్చాలి.

గ్యాప్‌ను గుర్తించినా, పోయిన సొమ్ము తిరిగి రాదు. కాబట్టి రాత్రికి ఎన్ని షేర్లు ఉంచుకోవాలో స్టాప్ ధరను బట్టి కాదు, రాగల గ్యాప్‌ను బట్టి లెక్కించండి.