నాట్ల వారంలో కైకిలి లెక్క



బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లకు నిజాంసాగర్ కాలువ నీళ్లు వస్తాయి. మంజీర నది మీద ఆ ప్రాజెక్టు పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువకు నీళ్లు వదిలారంటే అందరి పొలాలూ ఒక్కసారే తడుస్తాయి. అందరికీ ఆ వారమే నాట్లు పడాలి. నాటు వేసే ఆడవాళ్లు మాత్రం ఊళ్లో ఉన్నంత మందే. ఇయ్యాల రావలసినవాళ్లు రేపు వేరే పొలానికి పోతే నారు ముదురుతుంది. ముదురు నారుకు పిలకలు తక్కువ. అందుకే కైకిలి మాట ముందే తేల్చుకోవాలి.

కైకిలి రెండు తీర్లు. ఒకటి రోజు కూలి. ఎంతమంది వస్తే అన్ని కూళ్లు. రెండోది గుత్త. ఎకరానికి ఇంత అని మాట. గుత్తలో పని తొందరగా అవుతుంది. కాని తొందరలో నాటు పలచబడవచ్చు. రోజు కూలిలో నాటు నిదానంగా పడుతుంది, పని మరునాటికి మిగిలిపోవచ్చు. ఏ తీరు అయినా ముందు రోజు సాయంత్రమే గుంపు పెద్దతో ఈ మాటలు అనుకోవాలి. ఎన్ని గంటలకు దిగాలి, ఎన్ని గంటలకు ఎక్కాలి? నారు పీకేది ఎవరు, కట్టలు మోసేది ఎవరు? ఆటో కిరాయి ఎవరిది? నడుమ వాన పడి పని ఆగితే సగం కూలి ఇస్తారా, ఎంత ఇస్తారు?

"నాటు వెయ్యాలె, రాండ్రి" అంటే సరిపోదు. పొద్దున ఒడ్డు మీద నిలబడి ఏ మడి నుంచి ఏ మడి దాకా ఇయ్యాలటి పనో చూపాలి. మొదటి మడి నాటగానే కుదుళ్లు లెక్కపెట్టాలి. మీటరు పొడవు కర్రలు నాలుగు తెచ్చి, నాటిన చోట చదరంగా పెట్టాలి. లోపల కుదుళ్లు వానకాలంలో సుమారు 33, యాసంగిలో సుమారు 44 ఉండాలి. తక్కువుంటే అప్పుడే చెప్పాలి. "అక్కా, జర దగ్గర దగ్గర వెయ్యిండ్రి" అంటే సరిదిద్దుకుంటారు. పొద్దు గూకినంక "పలచగా వేసిండ్రు" అని కూలి కోస్తే తగాదాయే మిగులుతుంది, నాటు బాగుపడదు.

ఇక లెక్క. రోజు కూలి 500 రూపాయలు అనుకోండి. ఇది లెక్క కోసమే. ఊరి రేటు వేరే ఉండవచ్చు. పది మంది వచ్చారు. ముందు రోజు గుంపు పెద్ద 1000 రూపాయలు బయానా తీసుకుని తలా 100 పంచింది. ఆటో కిరాయి 300 రైతుది. మధ్యాహ్నం ఒకామె, పిల్లకు జ్వరమని ఇంటికి పోయింది. ఆమెది సగం కూలి.

తొమ్మిది కూళ్లకు 4500. సగం కూలి 250. ఆటో 300. మొత్తం 5050. బయానా 1000 తీసేస్తే ఇవ్వవలసింది 4050.

ఇప్పుడు తలలవారీగా చూడండి. తొమ్మిది మందికి తలా 400, అంటే 3600. సగం రోజు చేసినామెకు 150. ఆటోకు 300. మొత్తం 4050. రెండు లెక్కలూ ఒకటే వచ్చాయి. అంటే ఎవరి పేరూ పోలేదు, ఎవరి పేరూ రెండుసార్లు రాలేదు. రెండు లెక్కలు కలవకపోతే డబ్బు పంచకముందే పుస్తకం మళ్లీ చూడాలి.

పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక్క గీత చాలు. పేరు, పూర్తి రోజా సగమా, బయానా, చేతికి ఇచ్చింది. పేర్లు పొద్దున్నే రాయాలి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాస్తే మధ్యాహ్నం పోయినామె పేరు మరిచిపోతారు. డబ్బు ఎవరిది వారి చేతికే ఇవ్వాలి. తీసుకున్నామె తన పేరు తనే రాయాలి. మొత్తం గుంపు పెద్ద చేతికే ఇస్తే, వెనక ఎవరికెంత ముట్టిందో తెలియదు. అందరివీ 500 నోట్లే ఉంటే 400, 150 ఇవ్వడం కుదరదు. కాబట్టి వంద నోట్లు, యాభై నోట్లు ముందు రోజే బాన్సువాడలో మార్చి తెచ్చుకోవాలి.

"వడ్లు అమ్మినంక ఇస్త" అనే మాట నాట్ల వారంలో పనికిరాదు. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల చట్టం కూడా, రోజు కూలి మీద చేసేవారికి ఆ పూట పని ముగియగానే కూలి ఇవ్వాలని చెబుతుంది. ఒకే పనికి ఆడవాళ్లకు ఒక కూలి, మగవాళ్లకు ఒక కూలి పెట్టరాదని కూడా చెబుతుంది. నారు కట్టలు ఇద్దరూ మోస్తే ఇద్దరికీ కూలి ఒకటే.

గుత్త అయితే ఇంకొక్క మాట. ఎకరం డబ్బును ఎంతమంది పంచుకోవాలో పొద్దున రాసిన పేర్లే చెబుతాయి. ఆ పేర్లను గుంపంతటికీ వినపడేటట్టు చదివి, ఆ తరువాతే డబ్బు పంచాలి.