ప్రొబేషన్‌లో పని మానేయాలంటే: ఒక తమ్ముడి ఉత్తరం
(శుక్రవారం అబూ హమూర్‌లో మన సభ్యుల కూడికలో చెప్పిన మాటలు. రాలేకపోయినవాళ్ళ కోసం)

పోయిన నెల మన దగ్గరికి వచ్చిన ఒక తమ్ముడి సంగతి చెప్తాను. పేరు అడగొద్దు.

ఊళ్ళో ఐటీఐ చేసి ఏసీ పని నేర్చుకున్నాడు. దొరికిన వీసా మాత్రం గోడౌన్ హెల్పర్‌ది. తెలిసే సంతకం పెట్టి వచ్చాడు. బేసిక్ 1,300 రియాళ్ళు. 1వ తారీఖున చేరాడు. మూడు వారాలు తిరక్కముందే ఒక మెయింటెనెన్స్ కంపెనీ ఏసీ టెక్నీషియన్‌గా తీసుకుంటామంది. రాత్రి పదింటికి ఫోన్ చేసి, "అన్నా, రేపటి నుంచి క్యాంపు బస్సు ఎక్కను. ప్రొబేషనే కదా, ఏమైతది?" అన్నాడు.

ఏమవుతుందో వినండి. ఖతార్ కార్మిక చట్టం 39వ ఆర్టికల్‌ను 2020లో మార్చారు. దాని ప్రకారం ప్రొబేషన్‌లో ఉన్నవాడు వేరే కంపెనీకి మారాలంటే, కనీసం ఒక నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మనల్ని తెచ్చిన కంపెనీకి అయిన రిక్రూట్‌మెంట్ ఖర్చు, ఒకవైపు టికెట్ డబ్బు కొత్త కంపెనీ కట్టాలి. అది రెండు నెలల బేసిక్‌కు మించకూడదు, అంటే మనవాడి విషయంలో 2,600 రియాళ్ళ లోపు. "ఆ డబ్బు నీ జీతంలో కోస్తాం" అని కొత్త కంపెనీ అంటే ఒప్పుకోవద్దు. ఇంటికే పోవాలనుకుంటే నోటీసు ఎన్ని రోజులో కాంట్రాక్టులో చూడండి. అది రెండు నెలలు దాటకూడదు.

నోటీసు ఇవ్వకుండా మానేస్తే ఆ కాలానికి బేసిక్ జీతం మనమే కట్టాల్సి వస్తుంది. తమ్ముడికి అది 1,300. పైగా పారిపోయాడని కంపెనీ కేసు పెట్టొచ్చు. చెప్పకుండా దేశం వదిలిపోతే ఏడాది దాకా ఇక్కడ వర్క్ పర్మిట్ రాదు.

ఇదంతా విని మెత్తబడ్డాడు. "సరే అన్నా, నాన్నకు బాగాలేదని రాస్తా" అన్నాడు. అదీ వద్దన్నాను. కంపెనీ మార్పు కార్మిక మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ సిస్టమ్‌లోనే జరుగుతుంది, పాత కంపెనీకీ తెలుస్తుంది. నాన్న మంచంలో ఉన్నాడన్నవాడు నెల తిరక్కుండా ఇదే అబూ హమూర్‌లో ఏసీ విప్పుతూ కనపడితే ఆ మేనేజర్ ఏమనుకుంటాడు? రేపు మన ఊరి నుంచి ఇంకొకడు అదే గోడౌన్‌కు రావాలి కదా.

చివరికి కూర్చుని ఇంత రాశాం, ఇంగ్లీషులో పెట్టించాం:

"గౌరవనీయులైన మేనేజర్ గారికి. నేను ఈ నెల 1న హెల్పర్‌గా చేరాను. నేను నేర్చుకున్న ఏసీ పనిలో అవకాశం వచ్చినందున రాజీనామా చేస్తున్నాను. ఈ రోజు, 24వ తేదీ నుంచి ఒక నెల నోటీసు ఇస్తున్నాను, అప్పటి వరకు నా డ్యూటీ చేస్తాను. నన్ను ఇక్కడికి తెచ్చి పని ఇచ్చినందుకు కృతజ్ఞతలు."

కింద పూర్తి పేరు, ఐడీ నంబరు, సంతకం. అంతే. మెస్‌లో కూర బాగుండదనీ, సూపర్‌వైజర్ తిడతాడనీ కూడా రాస్తానన్నాడు. తీసేయించాను. ఆ కంపెనీ వీసా, మెడికల్, టికెట్ ఖర్చు పెట్టింది. మూడు వారాలకే పోతున్నది మనం.

జీతం ఎగ్గొట్టినా, కాంట్రాక్టులో ఒకటి చెప్పి ఇక్కడ ఇంకోటి చేయించినా, కొట్టినా అది వేరే సంగతి. 51వ ఆర్టికల్ కింద అప్పుడు నోటీసు లేకుండానే మానేసే హక్కు ఉంది. కానీ ముందు మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు పెట్టి, ఆ తర్వాతే అడుగు బయట పెట్టండి. ఇళ్ళల్లో పనిచేసే డ్రైవర్లకు, వంటవాళ్ళకు చట్టమే వేరు. వాళ్ళు నాతో విడిగా మాట్లాడండి.

ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్ళాడు. హెచ్‌ఆర్ ఆయన ఒకటి ఉంచుకుని, రెండో దాని మీద సంతకం పెట్టనన్నాడు. అలా జరిగితే గొడవ పడొద్దు. బయటికొచ్చి అదే ఉత్తరం ఫోటో కంపెనీ ఈమెయిల్‌కు పంపండి, తేదీ దానంతట అదే పడుతుంది. తమ్ముడు అదే చేశాడు. సాయంత్రం మేనేజర్ పిలిచి, "వంద పెంచుతా, ఉండు" అన్నాడట. థ్యాంక్స్ చెప్పి, మనసు మార్చుకోలేనన్నాడు.

ఆ నెలలో ఒక పొరపాటు చేయబోయాడు. కొత్త కంపెనీవాళ్ళు "శుక్రవారం వచ్చి రెండు ఏసీలు చూడు" అన్నారు. మార్పు ఓకే కాకముందు వేరేచోట పనిచేస్తూ దొరికితే కేసు మనమీదే. అది చెప్పి ఆపాను.

చివరి రోజు స్టాక్ పుస్తకం, గేటు కార్డు, రెండు జతల యూనిఫాం అప్పజెప్పి రసీదు తీసుకున్నాడు. లెక్క చూసి ఇవ్వాల్సిన జీతం మరుసటి రోజు సాయంత్రానికి బ్యాంకులో పడింది. చట్టంలో ఉన్న గడువూ అదే. ఇప్పుడు అదే గోడౌన్ ఏసీలకు సర్వీసింగ్ వాళ్ళ కొత్త కంపెనీకే వచ్చింది. మొన్న నిచ్చెన పట్టుకుని పోతే పాత సూపర్‌వైజరే టీ ఇచ్చాడట.