అడగడం తెలిస్తే గది దొరుకుతుంది
(సొసైటీ వార్షిక సభలో, విదేశాలకు వెళుతున్న విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది కూడా మన బొబ్బిలి నుంచి కొందరు పిల్లలు పైచదువులకు, ఉద్యోగాలకు బయటి దేశాలు వెళుతున్నారు. ఫీజులు, వీసాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడికి వెళ్లాక నమాజుకి చోటు ఎలా అడగాలో చెప్పేవాళ్లు తక్కువ. నాకు తెలిసిన ఒక అబ్బాయి అనుభవం చెబుతాను.

అతను నా దగ్గర ఎనిమిదో తరగతి చదివాడు. ఇప్పుడు లండన్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూసే పని. పోయిన ఏటికి ముందు ఏడు నవంబరులో ఒక ఆదివారం రాత్రి ఫోన్ చేశాడు.

"మాస్టారూ, గది ఇవ్వం అన్నారు. మెట్ల మలుపులో చదువుకుంటుంటే అది మంటలొస్తే బయటకు పోయే దారి అని హెచ్చరిక రాసి ఇచ్చారు."

"నువ్వేం రాశావు బాబూ? చదివి వినిపించు" అన్నాను.

రెండు పేజీలు రాశాడు. నమాజు విశిష్టత, మన హక్కు, ముస్లింలకు ప్రత్యేక గది, అన్నీ ఉన్నాయి. ఎన్నిసార్లు, ఏ గంటకు, ఎన్ని నిమిషాలు అన్నది మాత్రం ఎక్కడా లేదు. "రోజుకి ఐదు పూటలు" అని ఉంది. ఆ కాగితం చదివిన అధికారికి, ఈ కుర్రాడు పనివేళల్లో ఐదుసార్లు లేచి వెళతాడు కాబోలు అనిపించదా?

ఇక్కడ మనకో చిక్కుంది. బొబ్బిలిలో డిసెంబరులో సూర్యుడు ఐదు గంటల ఇరవై ఐదు ప్రాంతంలో అస్తమిస్తాడు. జూన్‌లో ఆరున్నర దాటాక. ఏడాది మొత్తం మీద తేడా గంటంపావు. అందుకే నమాజు వేళలు మనకు ఇంచుమించు మారనట్టే ఉంటాయి. లండన్‌లో అలా కాదు. డిసెంబరులో నాలుగు గంటల లోపే పొద్దు గూకుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదింపావు దాటాలి. దీని ఫలితం ఏమిటంటే, వేసవిలో ఆఫీసు వేళల్లో పడేది జొహర్ ఒక్కటే. మన హనఫీ లెక్కన అసర్ జూన్‌లో సాయంత్రం ఆరున్నర దాటాకే మొదలవుతుంది కాబట్టి ఇంటికొచ్చి చదువుకోవచ్చు. డిసెంబరులో మాత్రం జొహర్ పన్నెండు దాటగానే, అసర్ రెండుం పది ప్రాంతంలో, మగ్రిబ్ నాలుగుకి. మూడూ ఆఫీసులోనే.

ఈ లెక్క కాగితం మీద వేయించాను. అప్పుడు అసలు అవసరం ఎంతో తేలింది. జొహర్ భోజన విరామంలో అయిపోతుంది. అడగాల్సింది అసర్‌కి పది నిమిషాలు, మగ్రిబ్‌కి పది నిమిషాలు, అదీ చలికాలం నెలల్లో. అసర్‌కి పొద్దు గూకేదాకా గంటన్నర వెసులుబాటు ఉంది కాబట్టి మీటింగు ఉంటే కాస్త అటూ ఇటూ జరపొచ్చు. మగ్రిబ్‌ని అలా జరపడం మంచిది కాదు. ఈ తేడా మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. చెబితేనే తెలుస్తుంది.

రెండో ఉత్తరం అరపేజీ. ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబుతాను.

"అక్టోబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి ఆఖరు వరకు, పనిదినాల్లో రెండుసార్లు పదేసి నిమిషాలు ప్రార్థనకు కావాలి. వేళల పట్టిక జతచేశాను. మొదటిదాన్ని పనినిబట్టి జరుపుకోగలను, రెండోదాన్ని జరపలేను. మార్చిలో మొదటిది ఒక్కటే ఉంటుంది. ప్రత్యేక గది అవసరం లేదు. తలుపు వేసుకోగల శుభ్రమైన చోటు, ఒక మనిషి నిలబడి వంగేంత ఉంటే చాలు. ఎవరూ వాడని వేళ చిన్న మీటింగు గది గానీ ప్రథమ చికిత్స గది గానీ సరిపోతుంది. చాప నాదే తెచ్చుకుంటాను. ఆ ఇరవై నిమిషాలు ఉదయం ముందుగా వచ్చి పనిచేస్తాను. నెల రోజులు చూసి, ఇబ్బంది ఉంటే మళ్లీ మాట్లాడుకుందాం."

వారం తిరక్కుండా ప్రథమ చికిత్స గది ఇచ్చారు. ఎవరికైనా ఒంట్లో బాగోక అందులో ఉంటే ఖాళీ చేయాలన్నది షరతు. అలా రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ మీటింగు గదిలో చదువుకున్నాడు. జుమా సంగతి ఈ ఉత్తరంలో కలపవద్దన్నాను. అది వారానికోసారి, మసీదుకు వెళ్లిరావడానికి గంట పట్టే విషయం. విడిగా అడిగాడు. శుక్రవారం భోజన విరామం పెంచి, సాయంత్రం ఆ మేరకు పనిచేయించుకుంటున్నారు.

ఇంకో మాట వజూ గురించి. గది దొరికాక గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. చేతులు కడిగే తొట్టిలో కాలు పెడితే చూసేవాళ్లకు రోత, నేల తడిస్తే జారిపడతారు. ఇంట్లో వజూ చేసి చర్మపు మోజాలు తొడుక్కుంటే, స్వస్థలంలో ఉన్నవాడికి ఒక పగలూ రాత్రీ వాటిమీద మసహ్ చెల్లుతుంది. ఆఫీసులో కాళ్లు కడిగే పనే ఉండదు. మామూలు పల్చని నూలు మేజోళ్లకు ఇది వర్తించదు. వివరాలు మన ఇమాం గారిని అడిగి వెళ్లండి.

చట్టం మాటేమిటని అడుగుతారు. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం మతాన్ని కాపాడుతుంది గానీ, ప్రతి ఆఫీసూ ప్రార్థన గది కట్టి తీరాలని చెప్పదు. సరైన కారణం లేకుండా కాదంటే అది వివక్ష కావచ్చు, అంతే. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం ప్రకారం పదిహేను మందికి తక్కువ కాని ఉద్యోగులున్న సంస్థ మతాచారానికి వీలు కల్పించాలి, మరీ భారమైతే తప్ప. ఎంత ఉంటే భారం? 2023లో అక్కడి సుప్రీంకోర్టు, వ్యాపారానికి గణనీయమైన ఖర్చు పడుతుందని సంస్థే చూపాలంది. ఆ కేసు వేసింది ముస్లిం కాదు. ఆదివారం పనిచేయలేనన్న ఒక క్రైస్తవ పోస్టుమాన్. ఆయన గెలుచుకున్న మాట మనకూ పనికొస్తుంది. కానీ అన్నిచోట్లా గెలుపే ఉండదు. 2024లో లండన్‌లోని మైకేలా స్కూల్లో ప్రార్థనల నిషేధం మీద ఒక విద్యార్థిని హైకోర్టుకు వెళితే, తీర్పు స్కూలు పక్షానే వచ్చింది. అందుకే విశ్వవిద్యాలయానికి ఫీజు కట్టకముందే ఈమెయిల్ రాయండి. ప్రార్థన గది ఉందా, ఎన్ని గంటల వరకు తెరుస్తారు, వజూకి చోటుందా, ఆడపిల్లలకు వీలుందా అని అడగండి.

చివరి మాట కాస్త చేదు. జర్మనీలో డోర్ట్‌మండ్ సాంకేతిక విశ్వవిద్యాలయం అన్ని మతాలవారికీ, ఏ మతం లేనివారికీ కలిపి ఒక నిశ్శబ్ద గది ఇచ్చింది. కొందరు ముస్లిం విద్యార్థులు దానిలో అడ్డుతెరలు కట్టి, ఆడవాళ్లకు చిన్న భాగం వదిలి, తమ గదిలా వాడుకున్నారు. 2016లో విశ్వవిద్యాలయం ఆ గదినే మూసేసింది. ఎవరికీ లేకుండా పోయింది. అడిగి తెచ్చుకున్నది అందరిదైతే అందరిదిగానే వాడాలి. చాప చుట్టి తీసుకెళ్లాలి, కుర్చీ ఎక్కడుందో అక్కడే పెట్టాలి, తరువాత వచ్చేవాడు బౌద్ధుడైనా, తలనొప్పితో వచ్చినవాడైనా అతనికి చోటుండాలి.

మా అబ్బాయి మొన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఆ ఆఫీసులో బంగ్లాదేశ్ నుంచి కొత్తగా ఒకమ్మాయి చేరిందట. ఆమె అడగకముందే మేనేజరు వేళల పట్టిక చూపించి "నీకూ ఇలాగే కావాలా?" అన్నారట. పట్టిక మనవాడు రాసిందే.

వెళ్లే పిల్లలు మీరుండబోయే ఊరి నమాజు వేళల పట్టికలు డిసెంబరుదీ జూన్‌దీ రెండూ తీసుకుని ఆదివారం మా ఇంటికి రండి. కూర్చుని ఉత్తరం రాద్దాం. అల్లాహ్ మీ ప్రయాణాలు సులువు చేయుగాక. ఆమీన్.