సెలవు చీటీలో ఎంత చెప్పాలి?

(వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ముతో చదువుకున్న పిల్లలు డిగ్రీ కాగానే ఏదో ఒక ప్రైవేటు కొలువులో చేరి, సాయంత్రాలు బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నారు. రాతపరీక్ష గట్టెక్కి ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక మా దగ్గరికి వచ్చి అడిగే మొదటి ప్రశ్న చదువు గురించి కాదు. "సార్, సెలవు ఏమని అడగాలి? మానేస్తున్నానని తెలిస్తే ఇప్పుడే తీసేస్తారు" అంటారు. ఇంట్లో ఆ ఒక్క జీతమే ఆధారం కాబట్టి ఆ భయంలో అర్థముంది.

కర్నూలులో ఒక దుకాణంలో లెక్కలు రాసే అబ్బాయి సంగతి చెబుతాము. ప్రభుత్వ బ్యాంకుల్లో పీవో ఉద్యోగానికి ఇంటర్వ్యూ హైదరాబాదులో గురువారం ఉదయం పడింది. తల్లి, ఇద్దరు చెల్లెళ్లు అతని మీదే ఉన్నారు. జ్వరమని చెబుదామని అనుకున్నాడు. మేము వద్దన్నాము. అబద్ధం మన దీన్‌కు తగదు, పైగా నిలవదు. జ్వరమన్నవాడు బస్టాండులో ఎవరికైనా కనబడితే ఆ తర్వాత చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

అయితే నిజం చెప్పడం వేరు, అంతా చెప్పడం వేరు. అసలు అతను చెప్పవలసిన నిజమేమిటి? ఇంటర్వ్యూ అంటే ఉద్యోగం కాదు. ఈ ఎంపికలో మెయిన్స్ పరీక్షకు 80, ఇంటర్వ్యూకు 20 చొప్పున విలువ కట్టి జాబితా వేస్తారు. ఉన్న ఖాళీల కంటే ఎక్కువమందినే పిలుస్తారు. అందుకని ఆ గురువారం నాటికి అతనికి రాజీనామా అనే నిర్ణయమే లేదు. లేని నిర్ణయాన్ని చెప్పకపోవడం దాపరికం కాదు.

పిలుపు రాగానే, వారం ముందే, అతని చేత ఇలా రాయించాము:

"అయ్యా, వచ్చే గురువారం వ్యక్తిగత పని మీద ఊరు వెళ్లవలసి ఉంది. ఆ ఒక్కరోజు క్యాజువల్ లీవు ఇప్పించగలరు. బుధవారం సాయంత్రానికి ఆ వారం బిల్లులు పూర్తిచేసి అప్పగిస్తాను. శుక్రవారం ఉదయం పనిలో ఉంటాను."

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. యజమాని చూసేది కారణం కంటే ముందు తన పని ఆగుతుందా అన్నది. దానికి జవాబు చీటీలోనే ఉంది. బుధవారం పని ముగించుకుని రాత్రి బస్సు ఎక్కితే ఒక్కరోజు సెలవే సరిపోతుంది. రెండు మూడు రోజులు అడిగితేనే ప్రశ్నలు మొదలవుతాయి.

"ఏం పని బాబూ?" అని అడిగితే "సొంత పనే సార్, ఒక్కరోజుతో అయిపోతుంది" అంటే చాలు. "ఇంటర్వ్యూనా?" అని సూటిగా అడిగితే మాత్రం కాదనవద్దు. "ఎప్పుడో రాసిన పరీక్ష సార్, పిలిచారు, వెళ్లి వస్తాను. ఏదైనా తేలితే నోటీసు ప్రకారం ముందు మీకే చెబుతాను" అనాలని నేర్పాము.

అనుమానం సాధారణంగా చీటీ వల్ల రాదు, చుట్టూ చేసే పనుల వల్ల వస్తుంది. అదే వారంలో అనుభవ ధ్రువపత్రం అడగడం, పీఎఫ్ సంగతి ఆరా తీయడం, తోటివారికి ముందుగా చెప్పుకోవడం, వాట్సాప్ స్టేటస్‌లో దువా కోరడం, ఇవన్నీ యజమానికి చేరతాయి. జీతం చీటీలు ఏ నెలవి ఆ నెల దాచుకుంటే ఆఖరులో అడిగే అవసరమే రాదు.

ఒక హెచ్చరిక. ఇదంతా ప్రైవేటు కొలువులవారికే. ఇప్పటికే ప్రభుత్వంలో, ప్రభుత్వ రంగ సంస్థలో ఉన్నవారు ఇంటర్వ్యూకు తమ కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకువెళ్లాలి. వారు చెప్పకుండా వెళితే అక్కడే ఆగిపోతారు.

మన అబ్బాయికి ఆ ఏడాది ఉద్యోగం రాలేదు. శుక్రవారం ఉదయం ఎప్పటిలాగే తన బల్ల దగ్గర కూర్చున్నాడు, నెలాఖరున జీతం ఇంటికి చేరింది. ఇప్పుడు మళ్లీ చదువుతున్నాడు. అల్లాహ్ తలిస్తే నియామక పత్రం చేతికి వస్తుంది. రాజీనామా మాట అప్పుడు ఎత్తాలి, ఒప్పుకున్న నోటీసు కాలం పనిచేయాలి, రిలీవింగ్ లెటర్ తీసుకోవాలి. చేరేటప్పుడు బ్యాంకు ఆ లెటర్ అడుగుతుంది. గొడవపడి బయటపడితే దానికే చిక్కు వస్తుంది.

చివరగా దాతలకు ఒక మనవి. మీలో దుకాణాలు, బడులు, ఆసుపత్రులు నడిపేవారున్నారు. మీ దగ్గర పనిచేసే పిల్లవాడు వారం ముందే చీటీ రాసి, పని అప్పగించి ఒక్కరోజు సెలవు అడిగితే, ఎందుకని తరచి అడగకండి. మీరు ఫీజు కట్టి చదివించిన పిల్లవాడు కూడా ఆ రోజే, ఇంకొక యజమాని ముందు, అలాంటి చీటీ పట్టుకుని నిలబడి ఉంటాడు.