దారిలో ఉన్న సరుకు ఎవరి లెక్కలో?
(వార్షిక మహాసభలో దుకాణాల కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



మన గోడౌను, బస్టాండు దుకాణం, సంత దుకాణం: ఈ మూడు చోట్ల మధ్య సరుకు ఎలా తిరుగుతుందో, అందులో మేము ఎక్కడ తప్పు చేశామో చెప్తాం. నిరుడు మార్చి 31 సాయంత్రం మూడు చోట్లా సరుకు లెక్కపెట్టాం. కందిపొడి ప్యాకెట్ల దగ్గర ఆగిపోయాం.

నెల మొదట్లో మూడు చోట్లా కలిపి 300 ప్యాకెట్లు. నెలలో తయారైనవి 400. బిల్లుల ప్రకారం అమ్మినవి 430. అంటే 270 ఉండాలి. లెక్కపెడితే గోడౌనులో 130, బస్టాండు దుకాణంలో 46, సంతలో 42, మొత్తం 218. తగ్గినవి 52.

గోడౌను అక్క పుస్తకం చూపించింది: "ఆ రోజు మధ్యాహ్నమే 48 బస్టాండుకు పంపాను, నా లెక్కలో కొట్టేశాను." బస్టాండు చెల్లి, "నాకు అందలేదక్కా" అంది. చీటీలో ఆమె దుకాణం పేరే ఉంది. ప్యాకెట్టు 90 రూపాయల లెక్కన 4,320 రూపాయలు ఆమె గౌరవ వేతనంలో కోసేద్దామని మాలోనే కొందరన్నారు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున ఆటో వచ్చి రెండు పెట్టెలు దించి వెళ్లింది. పెట్టెకు 24, మొత్తం 48. టైరు పంచరై, రాత్రి ఆటో అతని ఇంటి ముందే ఉంది. పంపినవాళ్లు కొట్టేశారు, తీసుకోవాల్సినవాళ్లు ఇంకా రాసుకోలేదు. ఆ ఒక్క రాత్రి 48 ప్యాకెట్లు ఎవరి పుస్తకంలోనూ లేవు. సరుకు పోలేదు, రాయడానికి మన దగ్గర చోటే లేదు.

ఇప్పుడు ఆ చోటు పెట్టుకున్నాం. బదిలీ చీటీ వరుస నంబరుతో మూడు ప్రతులు. ఒకటి గోడౌనులో ఉంటుంది, రెండు సరుకుతో వెళ్తాయి. ఆటో అతను పెట్టెలు లెక్కపెట్టుకుని సంతకం చేస్తేనే బండి కదలాలి. గోడౌను అక్క తన లెక్కలో 48 తగ్గించి, వాటిని "దారిలో" అనే పేజీలో వేస్తుంది. దుకాణంలో పెట్టె విప్పి లెక్కపెట్టి, అందిన సంఖ్య తమ చేత్తో రాసి సంతకం పెట్టి, ఒక ప్రతి వెనక్కి పంపాలి. అది చేరాకే "దారిలో" పేజీలో కొట్టేసి దుకాణం లెక్కలో కలుపుతాం. మూడు చోట్ల సరుకుకు ఈ పేజీ కలిపితే అసలు లెక్క తేలాలి. రెండు రోజులు దాటినా పేజీలో ఉన్నదేదైనా ఉంటే ఫోను చేయాల్సిందే. (మన రాష్ట్రంలోనే, ఒకే జీఎస్టీ నంబరు మీద నడిచే దుకాణాల మధ్య సరుకు మారితే అది అమ్మకం కాదు. అందుకే దానితో బిల్లు కాదు, డెలివరీ చలానా పంపుతాం. ఒక దుకాణంలో ఇలాంటి బదిలీని అమ్మకం కింద రాసి, డబ్బు ఏదని వెతుక్కున్న రోజూ ఉంది.)

52లో 48 తేలాయి. మిగతా నాలుగు సంత దుకాణంలో దొరికాయి. పుస్తకంలో 46, చేతిలో 42. వారం కిందట వచ్చిన పెట్టెలో నాలుగు ప్యాకెట్లు తడిసి చిరిగాయి. సంత రోజు, జనం తోసుకొస్తున్నారు. అక్క పెట్టె విప్పకుండానే 24 అని సంతకం పెట్టేసింది. తర్వాత చూసి, పాడైనవి మూలన పెట్టింది, రాయలేదు. ఇప్పుడైతే 20 అని రాయాలి. మిగతా నాలుగు "దారిలో" పేజీలోనే ఉంటాయి. తడిసింది గోడౌనులోనా, బండిలోనా తేల్చి, పాడైన సరుకుగా తీర్మానం రాశాకే కొట్టేస్తాం. పంపిన చీటీలో 24ను 20గా దిద్దడం మాత్రం వద్దు. దిద్దితే ఆ నాలుగు ఎక్కడ పాడయ్యాయో ఇక ఎవరికీ తెలియదు.

ఈ పద్ధతికి దొరకనివీ ఉన్నాయి. పక్క దుకాణంలో కారంపొడి అయిపోతే, "పది ఇవ్వు వదినా, రేపు రాద్దాంలే" అని పట్టుకెళ్తాం. చీటీ లేదు కాబట్టి "దారిలో" పేజీకీ ఎక్కదు. ఒక చోట పది తక్కువ, ఇంకో చోట అదే సరుకు పది ఎక్కువ అని వస్తే ముందు దీన్నే అనుమానించండి. ఒకే చోట కారంపొడి 12 తక్కువ, కందిపొడి 12 ఎక్కువ వస్తే, చీటీలో పేరు తారుమారైందేమో చూడండి. ఈ రెండూ చూశాకే మనిషిని అడగాలి.

బస్టాండు చెల్లికి కమిటీ అంతా వెళ్లి క్షమాపణ చెప్పింది. ఆమె ఇప్పటికీ అదే దుకాణం నడుపుతోంది. "దారిలో" పేజీ రాసే పుస్తకం కూడా ఆమే కొని తెచ్చింది. దాని ఖర్చు 60 రూపాయలు ఈ నివేదిక ఖర్చుల పట్టికలో చూపించాం.